క్రియకు దక్కని రెండో కుర్చీ

స్వీడన్‌లో ఉద్యోగం వెతుక్కునే తెలుగువాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. "చిన్న చిన్న వాక్యాలు రాయి. ఒక కర్త, ఒక క్రియ, ఒక చుక్క. బీసాట్స్ జోలికి పోకు." బీసాట్స్ అంటే ఉపవాక్యం. స్వీడిష్‌లో ఉపవాక్యం రాస్తే పదాల వరస తప్పుతుంది, వరస తప్పితే ఉత్తరం చెత్తబుట్టలోకి పోతుంది, కాబట్టి అసలు రాయకపోతే గొడవే ఉండదు కదా అని వీళ్ల వాదన. ఈ సలహా ఇచ్చేవాళ్లు మంచివాళ్లే, పదేళ్ల కిందట తామూ ఇలాగే గట్టెక్కినవాళ్లే. కానీ ఈ సలహా మనిషిని కాపాడే పేరుతో ఆ మనిషి ఉత్తరంలోంచి "ఎందుకు", "అయినా", "ఒకవేళ" అన్నీ పీకేస్తుంది. మిగిలేది ఒక జాబితా. జాబితా ఎలాగూ సీవీలో ఉంటుంది. దానితోపాటు పెట్టే పెర్సూన్లిగ్త్ బ్రేవ్, అంటే సొంత పరిచయ ఉత్తరం, ఆ జాబితాకు కారణాలు చెప్పడానికే పుట్టింది.

దీనికి అవతలి పక్క ఇంకో వాదన ఉంది. అది స్వీడిష్ వాళ్లది. ఉపవాక్యంలో పదాల వరస తప్పితే అది స్లార్వ్ అంటారు, అంటే అశ్రద్ధ. ఉత్తరాన్నే శ్రద్ధగా రాయనివాళ్లు లెక్కలు శ్రద్ధగా రాస్తారా అని. ఈ రెండు వాదనలూ ఒకే అపార్థం మీద నిలబడ్డాయి. ఆ తప్పు ఎక్కణ్ణుంచి వస్తుందో ఇద్దరికీ తెలీదు.

ముందు విషయం చెప్తాను. స్వీడిష్ ప్రధాన వాక్యంలో కాలం చూపించే క్రియకు రెండో కుర్చీ రిజర్వు చేసి ఉంటుంది. మొదటి కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చు. "యాగ్ అర్బేతార్ హేర్ నూ" అంటే "నేను పనిచేస్తున్నాను ఇక్కడ ఇప్పుడు". "ఇప్పుడు" అనే మాటను ముందుకు తెచ్చారనుకోండి, "నూ అర్బేతార్ యాగ్ హేర్" అవుతుంది. "నేను" లేచి క్రియ వెనక్కి పోవాల్సిందే. క్రియ మాత్రం కదలదు. రెండో కుర్చీ అంటే రెండో పదం కాదు, రెండో భాగం. మొదటి కుర్చీలో ఏడు పదాల ఉపవాక్యం మొత్తం కూర్చున్నా సరే, దాని వెంటనే క్రియే రావాలి.

ఇంగ్లీషు మీదుగా స్వీడిష్‌కు వచ్చేవాళ్లకు ఇదే మొదటి పెద్ద గోడ. ఎస్ఎఫ్ఐలో (మనకు తెలిసిన ఎస్ఎఫ్ఐ కాదు, వలస వచ్చినవాళ్లకు స్వీడిష్ నేర్పే ప్రభుత్వ బడి పేరు కూడా అదే) నెలల తరబడి టీచర్లు ఈ ఒక్క సంగతి మీదే సుత్తి వేస్తారు. క్రియ రెండోది, క్రియ రెండోది. అది మెదడులో దిగేసరికి చాలా కాలం పడుతుంది. తీరా దిగాక, ఉపవాక్యంలో ఆ కుర్చీ లేదు అంటారు.

ఉపవాక్యంలో "ఎందుకంటే", "అని", "ఏదైతే" లాంటి జోడించే మాట ముందు వస్తుంది, తర్వాత కర్త, ఆ తర్వాత "ఇంతె" (కాదు, లేదు) లాంటి మాట, ఆ తర్వాతే క్రియ. ప్రధాన వాక్యంలో క్రియ ముందు, "ఇంతె" వెనక. ఉపవాక్యంలో "ఇంతె" ముందు, క్రియ వెనక. తేడా అంతే. దీన్ని గుర్తుపెట్టుకోవడానికి బడిలో "బిఫ్" సూత్రం చెప్తారు. బీసాట్స్‌లో ఇంతె ఫినీట్ క్రియకు ఫోరె, అంటే ముందు అని చెప్పే వాక్యంలోని నాలుగు తొలి అక్షరాలు. స్వీడిష్‌లో బిఫ్ అంటే గొడ్డుమాంసం ముక్క. మనవాళ్లలో సగంమంది ఆ పేరు విన్నప్పుడే నోట్‌బుక్ మూసేస్తారని నేను సరదాకి అంటుంటాను.

ఇక్కడ ఒక చిక్కుంది. నాకు తెలిసి దీన్ని ఎవరూ తగినంతగా చెప్పరు. "ఎఫ్తెర్‌సొమ్ యాగ్ అర్బేతార్ హేర్", "నేను ఇక్కడ పనిచేస్తున్నాను కాబట్టి". ఇందులో క్రియ ప్రధాన వాక్యపు కుర్చీలో ఉందా, ఉపవాక్యపు చోటులో ఉందా? చూసి చెప్పలేం. మధ్యలో "ఇంతె" గానీ, "ఆల్ద్రిగ్" (ఎప్పుడూ... లేదు) గానీ, "ఆల్తీద్" (ఎల్లప్పుడూ) గానీ ఉంటేనే క్రియ దానికి ఏ పక్కన ఉందో బయటపడుతుంది. నేర్చుకునేవాళ్లు చదివే ఉపవాక్యాల్లో చాలావాటిలో అలాంటి మాట ఉండనే ఉండదు. అంటే ఉదాహరణలు కళ్ల ముందే పోతున్నా అవి ఏమీ నేర్పవు. ఏడాదిపాటు ఉపవాక్యాలు తప్పు లేకుండా రాసి, నిజానికి ఆ నియమం తెలియకుండానే ఉండొచ్చు. స్వీడిష్‌ను రెండో భాషగా నేర్చుకునేవాళ్లు ఏది ముందు పట్టుకుంటారు, ఏది చివర పట్టుకుంటారు అని జర్మన్ పండితుడు మాన్‌ఫ్రెడ్ పీనెమాన్, లుండ్ విశ్వవిద్యాలయంలో గీసెలా హోకాన్‌సొన్ లాంటివాళ్లు మెట్లు కట్టి చూపించారు. అందులో ఉపవాక్యంలో "ఇంతె" చోటు ఆఖరి మెట్టు. ప్రధాన వాక్యంలో క్రియను రెండో కుర్చీలో కూర్చోబెట్టి కర్తను వెనక్కి నెట్టడం దానికి ముందు మెట్టు.

ఇప్పుడు ఒక ఉత్తరం చూద్దాం. రాసినామె విజయవాడ నుంచి వచ్చింది. అక్కడ ఒక ఆడిట్ ఆఫీసులో ఆరేళ్లు పనిచేసింది. భర్త ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి, మూడేళ్లు స్వీడిష్ చదివి, ఒక మధ్య తరహా కంపెనీలో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి రాసింది. ఇంటర్వ్యూకి పిలవలేదు. ఎందుకు అని ఫోన్ చేసి అడిగితే, అవతలి మనిషి మర్యాదగానే, అనుభవం బాగుంది గానీ ఉత్తరం కాస్త అశ్రద్ధగా అనిపించిందని చెప్పింది. "అక్కా, పదకొండుసార్లు చదివాను దాన్ని. అశ్రద్ధ అంటే ఎలా?" అని ఉత్తరం నాకు పంపింది.

అందులో ఒక వాక్యం ఇది: "నేర్ యాగ్ బుద్దె ఈ ఇందియెన్ అర్బేతదె యాగ్ పో ఎన్ రెవిషూన్స్‌బ్యురో." నేను ఇండియాలో ఉన్నప్పుడు ఆడిట్ ఆఫీసులో పనిచేశాను. "నేను ఇండియాలో ఉన్నప్పుడు" అనే ఉపవాక్యం మొత్తాన్ని మొదటి కుర్చీలో కూర్చోబెట్టి, వెంటనే క్రియ "అర్బేతదె" పెట్టి, ఆ తర్వాత "యాగ్" అంది. ఇది అచ్చంగా సరైన వాక్యం. ఇంగ్లీషులోంచి గానీ తెలుగులోంచి గానీ ఈ వరస రాదు. ఎవరో ఒకరు కూర్చుని నేర్చుకుంటేనే వస్తుంది.

అదే పేజీలో ఇంకో వాక్యం: "యాగ్ సోకెర్ షెన్‌స్తెన్ ఎఫ్తెర్‌సొమ్ యాగ్ విల్ ఇంతె బారా అర్బేతా మేద్ సిఫ్రోర్." ఈ ఉద్యోగానికి రాస్తున్నాను, కారణం, నాకు అంకెలతో మాత్రమే పనిచేయాలని లేదు. "ఎఫ్తెర్‌సొమ్ యాగ్ ఇంతె బారా విల్ అర్బేతా" అనాలి. క్రియ "విల్" ఒక అడుగు ముందుకు వచ్చేసింది.

మూడోది: "దే ఫిన్స్ ప్రొగ్రామ్ సొమ్ యాగ్ హార్ ఆల్ద్రిగ్ ఆన్వెంట్, మెన్ యాగ్ లేర్ మేయ్ స్నాబ్త్." నేను ఎప్పుడూ వాడని ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి, కానీ త్వరగా నేర్చుకుంటాను. ఇక్కడ "సొమ్ యాగ్ ఆల్ద్రిగ్ హార్ ఆన్వెంట్" కావాలి. నాలుగోది: "యాగ్ విల్ యెర్నా వేతా నేర్ కాన్ యాగ్ కొమ్మా పో ఇంటర్వ్యూ." ఇంటర్వ్యూకి ఎప్పుడు రావచ్చో తెలుసుకోవాలనుంది. "నేర్ యాగ్ కాన్ కొమ్మా" ఉండాల్సింది.

ఈ తప్పుల్ని మొదటి సరైన వాక్యం పక్కన పెట్టి చూడండి. నాలుగింటిలోనూ క్రియ రెండో కుర్చీ కోసమే పరుగెత్తింది. మొదటి దాంట్లో ఆ కుర్చీ ఉంది కాబట్టి సరిగ్గా కూర్చుంది. మిగతా మూడింట్లో లేదు. ఇది నియమం పట్టించుకోని మనిషి చేసే తప్పు కాదు. నియమాన్ని ఒంటబట్టించుకుని, అది చెల్లని చోట కూడా పాటించిన మనిషి చేసే తప్పు. అశ్రద్ధగా రాసేవాళ్ల తప్పులు ఇలా ఒకే దిక్కుకు వాలవు. అక్కడో అక్షరం పోతుంది, ఇక్కడో వాక్యం సగంలో ఆగుతుంది. తేదీల్లో, బహువచనాల్లో ఏదో ఒకటి జారుతుంది. ఈమె ఉత్తరంలో అలాంటివి ఒక్కటీ లేవు. తప్పులన్నీ ఒకే జాతివి, అన్నీ ఆఖరి మెట్టువి. లెక్కలు చూసేవాళ్లకు ఈ తేడా తెలియాలి. ఒకే తప్పు ప్రతి నెలా అదే ఖాతాలో కనిపిస్తే గుమాస్తా నిద్రపోతున్నాడని కాదు, ఆ ఖాతాకు ఎవరో తప్పు సూత్రం చెప్పారని అర్థం.

స్వీడిష్ వాళ్లకు ఈ వరస వినగానే చెవిలో ముల్లు గుచ్చుకుంటుందని అంటారు. కొంచెం పాత లెక్కలు తీద్దాం. మధ్యయుగాల స్వీడిష్‌లో ఉపవాక్యంలో కూడా క్రియే ముందు, లేదు అనే మాట వెనక. పదిహేనో శతాబ్దం చివర నుంచి కొత్త వరస కనిపించడం మొదలై, పదిహేడో శతాబ్దంలోగానీ పాతది వెళ్లిపోలేదు. మధ్యలో రెండూ పక్కపక్కనే బతికాయి. ఐస్‌లాండ్ భాషలో ఇప్పటికీ పాత వరసే ఉంది. అంటే విజయవాడ అమ్మాయి రాసిన వరస స్వీడిష్‌కు అపరిచితమేమీ కాదు, ఆ భాష ఒకప్పుడు దాటి వచ్చిన వీధే. ఇది చెప్పి ఆమె వాక్యాలు ఒప్పని నేను అనడం లేదు. నేటి రాతలో అవి తప్పే. కానీ చరిత్రలో రెండు శతాబ్దాలు తేల్చుకోలేకపోయిన సంగతిని మూడేళ్లలో పూర్తిగా పట్టలేదని మనిషి స్వభావం మీద తీర్పు చెప్పడం ఎబ్బెట్టుగా ఉంది.

పైగా ఆ తీర్పు అందరికీ ఒకేలా పడదు. 2007లో మాగ్నుస్ కార్ల్‌సొన్, డాన్-ఊలొఫ్ రూత్ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. అర్హతలు సమానంగా ఉన్న దరఖాస్తుల్నే కొన్నిటికి స్వీడిష్ పేర్లు, కొన్నిటికి మధ్యప్రాచ్యపు పేర్లు పెట్టి కంపెనీలకు పంపారు. స్వీడిష్ పేర్లకు ఇంటర్వ్యూ పిలుపులు దాదాపు 50 శాతం ఎక్కువ వచ్చాయి. ఆ ఉత్తరాల్లో వ్యాకరణ దోషం ఏమీ లేదు. దోషం లేనప్పుడే ఇంత తేడా ఉంటే, దోషం దొరికినప్పుడు అది ఎంత తేలిగ్గా సాకు అవుతుందో ఊహించుకోవచ్చు. 2008 నాటి స్వీడిష్ వివక్ష వ్యతిరేక చట్టం ప్రకారం భాష గురించి పెట్టే షరతు ఆ పనికి నిజంగా అవసరమైనది అయి ఉండాలి. లేకపోతే అది జాతి పేరు చెప్పకుండానే జాతిని బట్టి తోసేయడం అవుతుంది. ప్రభుత్వ కార్యాలయం తరఫున జనానికి ఉత్తరాలు రాసే ఉద్యోగమైతే "ఇంతె" చోటు గురించి పట్టుబట్టడం న్యాయమే, నేనైనా పట్టుబడతాను. బిల్లులు సరిచూసి, సరఫరాదారులకు రెండు వాక్యాల ఈమెయిల్ పంపే ఉద్యోగానికి అదే కొలబద్ద పెట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు మనవాళ్ల సలహా సంగతి. తప్పు ఉపవాక్యంలో వస్తోంది కాబట్టి ఉపవాక్యమే మానెయ్యమంటారు. సరే, మానేద్దాం. ఆమె ఉత్తరాన్ని ఆ పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది: నేను ఈ ఉద్యోగానికి రాస్తున్నాను. నాకు అంకెలతో మాత్రమే పనిచేయాలని లేదు. కొన్ని ప్రోగ్రాములు నేను ఎప్పుడూ వాడలేదు. నేను త్వరగా నేర్చుకుంటాను. నేను మూడేళ్లు పనిచేయలేదు. స్వీడిష్ చదివాను.

స్వీడిష్‌లో ఈ ఆరు వాక్యాలూ వ్యాకరణ దృష్టిలో అద్దంలా ఉంటాయి. "ఇంతె" ప్రతిచోటా క్రియ వెనక, చక్కగా. కానీ ఏం జరిగిందో చూడండి. అన్ని వాక్యాలూ ఒకే గొంతుతో అరుస్తున్నాయి. ఆరేళ్ల అనుభవం ఎంత గట్టిగా వినబడుతుందో, మూడేళ్ల ఖాళీ కూడా అంతే గట్టిగా వినబడుతోంది. ఉపవాక్యం చేసే ముఖ్యమైన పని గొంతు తగ్గించడం. ఒక సంగతిని దాచకుండానే, అది ఇక్కడ అసలు వార్త కాదని చెప్పడం. "దొమ్ త్రే ఓర్ దో యాగ్ ఇంతె అర్బేతదె లేస్తె యాగ్ స్వెన్‌స్కా", అంటే "నేను పనిచేయని ఆ మూడేళ్లలో స్వీడిష్ చదివాను". ఖాళీని ఒప్పుకుంది, కానీ వాక్యం బరువంతా చదువు మీద పడింది. ఉద్యోగపు ఉత్తరంలో ఇంతకంటే అవసరమైన పనిముట్టు ఏముంటుంది? మనకు ఏది లేదో చెప్పాల్సిన చోటే కదా "లేదు" అనే మాట వస్తుంది, ఆ మాట వచ్చిన చోటే కదా వరస తప్పుతుంది. అంటే ఈ సలహా సరిగ్గా మనం గొంతు తగ్గించాల్సిన చోట్లలోనే ఆ వీలు లేకుండా చేస్తోంది.

నాకు మరీ కోపం తెప్పించేది ఏంటంటే, తెలుగువాళ్లకు ఈ తేడా కొత్త కాదు. బిఫ్ సూత్రం కంటే మంచి సూత్రం మన నోట్లోనే ఉంది.

తెలుగులో "లేదు" అనే మాటకు రెండు వేషాలు. వాక్యం ముగిసే చోట అది "లేదు, చేయను, రాలేదు, వాడలేదు". వాక్యం ఇంకో వాక్యానికి ఒదిగి ఉన్న చోట అది "లేక, చేయని, రాకపోతే, వాడనప్పుడు". ఈ రెండో వేషంలో క్రియకు ఎవరు, ఎప్పుడు అనే గుర్తులు ఉండవు. నేను వాడని ప్రోగ్రాము, నువ్వు వాడని ప్రోగ్రాము, వాళ్లు వాడని ప్రోగ్రాము, అన్నీ ఒకటే. తెలుగు ఉపవాక్యంలో క్రియ ఒంటి మీది నగలు తీసేస్తారు. స్వీడిష్ ఉపవాక్యంలో క్రియకు నగలు అలాగే ఉంచి కుర్చీ లాగేస్తారు. చేసే పని ఒకటే, ఈ వాక్యం సొంత కాళ్ల మీద నిలబడటం లేదని చెప్పడం.

కాబట్టి పరీక్ష ఇది. రాయబోయే స్వీడిష్ ముక్కను ముందు మంచి తెలుగులో అనుకోండి. "లేదు" ముగింపు వేషంలో వస్తే "ఇంతె" క్రియ వెనక. ఒదిగిన వేషంలో వస్తే "ఇంతె" క్రియ ముందు. ఉత్తరంలోని మూడో వాక్యం: "నేను ఎప్పుడూ వాడని ప్రోగ్రాములు." వాడని, ఒదిగిన వేషం. కాబట్టి "ఆల్ద్రిగ్ హార్". ఇక్కడ స్వీడిష్ ఇంకో వరం కూడా ఇస్తుంది. ఉపవాక్యంలో "హార్" అనే ఆ సహాయక క్రియను పూర్తిగా వదిలేయొచ్చు: "సొమ్ యాగ్ ఆల్ద్రిగ్ ఆన్వెంట్". ప్రధాన వాక్యంలో అలా వదలడం కుదరదు. రాత స్వీడిష్‌లో ఇది మామూలు, వినడానికి కూడా హుందాగా ఉంటుంది. నగలు తీసేసిన క్రియే అది, మన "వాడని"కి అచ్చంగా చుట్టం.

నాలుగో వాక్యంలో "లేదు" లేదు కదా అనొచ్చు. అక్కడ తెలుగు ఇంకో గుర్తు ఇస్తుంది. ఎదుటివాణ్ణి అడిగితే "ఎప్పుడు రావచ్చు?" దాన్నే ఇంకో వాక్యంలో ఒదిగిస్తే "ఎప్పుడు రావచ్చో తెలుసుకోవాలి". ఆ చివరి "ఓ" చూశారా? ఆ "ఓ" వినబడిన చోట స్వీడిష్‌లో కర్త ముందు, క్రియ వెనక: "నేర్ యాగ్ కాన్". "ఓ" లేని చోట "నేర్ కాన్ యాగ్". బిఫ్ సూత్రం దీని గురించి ఒక్క ముక్క చెప్పదు, ఎందుకంటే అది "ఇంతె" గురించే మాట్లాడుతుంది. అందుకే బిఫ్ కంఠతా వచ్చినవాళ్లు కూడా ఒదిగిన ప్రశ్నల్లో తప్పుతారు. "ఆల్తీద్", "ఊఫ్తా" (తరచుగా), "రేదాన్" (ఇప్పటికే) లాంటి మాటల దగ్గర కూడా తప్పుతారు. ఈ మాటల దగ్గర తెలుగు నేరుగా సాయం చేయదు, మనకు "ఎప్పుడూ" అనే మాట ఎక్కడైనా ఉండొచ్చు. అప్పుడు ఆ మాట తీసి "లేదు" పెట్టి చూసుకోవాలి. "ఎప్పుడూ సమయానికి ఇచ్చే కంపెనీ" అనేదాన్ని "సమయానికి ఇవ్వని కంపెనీ" చేస్తే వేషం తెలిసిపోతుంది. "ఇంతె" ఎక్కడ పెడతారో "ఆల్తీద్" కూడా అక్కడే.

ఇక రెండో వాక్యం, "ఎఫ్తెర్‌సొమ్". ఇది నాకు అన్నిటికంటే ఇష్టం. తెలుగులో రెండు రకాలుగా చెప్పొచ్చు. "అంకెలతో మాత్రమే పనిచేయడం ఇష్టంలేక ఈ ఉద్యోగానికి రాస్తున్నాను." లేదా "ఈ ఉద్యోగానికి రాస్తున్నాను, ఎందుకంటే అంకెలతో మాత్రమే పనిచేయడం నాకు ఇష్టం లేదు." మొదటి దాంట్లో కారణం ఒదిగి ఉంది. రెండో దాంట్లో కారణం సొంతంగా ఒక వార్త. స్వీడిష్‌లో కూడా సరిగ్గా ఈ రెండే ఉన్నాయి. ఒదిగిన కారణానికి "ఎఫ్తెర్‌సొమ్", సొంత వార్తగా చెప్పే కారణానికి "ఫోర్". "ఫోర్" తర్వాత ప్రధాన వాక్యపు వరసే వస్తుంది: "ఫోర్ యాగ్ విల్ ఇంతె బారా అర్బేతా మేద్ సిఫ్రోర్." అంటే ఆమె రాసిన వాక్యంలో "ఎఫ్తెర్‌సొమ్" తీసి "ఫోర్" పెడితే, మిగతా ఒక్క పదం కూడా కదపకుండా వాక్యం ఒప్పవుతుంది! "ఫోర్" కాస్త మాట్లాడే ధోరణిలో ఉంటుంది గానీ తప్పు ఏమాత్రం కాదు. ఆమె తల్లో "ఎందుకంటే... ఇష్టం లేదు" ఉంది, చేతిలో "ఇష్టంలేక"కు సరిపోయే మాట ఉంది. ఒక తాళానికి ఇంకో తాళంచెవి. దీన్ని అశ్రద్ధ అన్న మనిషికి ఈ రెండు మాటల తేడా ఎవరైనా చెప్పమంటే చెప్పగలదా అని నాకు అనుమానమే. మాతృభాష కదా, వాడటమే తప్ప వివరించడం రాదు, మనకూ అంతే.

ఈ పరీక్షకు ఒక హద్దుంది. అది "అని" దగ్గర. తెలుగులో "అని" ముందు పూర్తి వాక్యం, నగలతో సహా, అలాగే కూర్చుంటుంది. "రాను అన్నాడు." "ఇష్టం లేదని చెప్పింది." ఆమె ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది, ఇంతవరకూ దాని జోలికి పోలేదు: "మిన్ ఫొర్రా షేఫ్ సా అత్ యాగ్ యూర్దె ఆల్ద్రిగ్ ఫేల్ ఈ బూక్‌స్లూతెత్." ఏడాది చివరి లెక్కల ముగింపులో నేను ఎప్పుడూ తప్పు చేయలేదని మా పాత మేనేజరు అన్నారు. "అత్" అంటే "అని". బిఫ్ ప్రకారం "అత్ యాగ్ ఆల్ద్రిగ్ యూర్దె" ఉండాలి. కానీ స్టాక్‌హోమ్‌లో ఏ కాఫీ విరామంలో కూర్చున్నా "అన్నాడు", "అనుకుంటున్నా" లాంటి మాటల తర్వాత స్వీడిష్ వాళ్లే క్రియను ముందుకు తెచ్చి మాట్లాడటం వినిపిస్తుంది. "అని" తర్వాత వచ్చేదే అసలు వార్త అయినప్పుడు ఆ వాక్యానికి ప్రధాన వాక్యపు హోదా ఇచ్చేస్తారు. వార్త కానప్పుడు ఇవ్వరు. "రానందుకు బాధపడుతున్నాను" అన్నప్పుడు రాలేదన్నది ఇద్దరికీ తెలిసిన సంగతే. అక్కడ ఏ స్వీడిష్ మనిషీ క్రియను ముందుకు తేడు. తెలుగులో కూడా అక్కడ "అని" కంటే "రానందుకు" అనే ఒదిగిన వేషమే ముందుగా నోటికి వస్తుంది. రెండు భాషలూ ఎక్కడో ఒకే చోట కూర్చుని ఆలోచించినట్టు ఉంటుంది నాకు.

ఆ మేనేజరు వాక్యాన్ని ఏం చేయాలని ఆమె అడిగింది. రాతలో బిఫ్ వరసే భద్రం, ముఖ్యంగా చదివేవాళ్లు పైన పేరు ముందే చూసి ఉంటారు కాబట్టి. అదే చెప్పాను. మిగతా మూడూ ఆమే దిద్దుకుంది, తెలుగులో పైకి చదువుకుంటూ. "ఇష్టంలేక" దగ్గర "ఎఫ్తెర్‌సొమ్" ఉంచి "ఇంతె"ను ముందుకు జరిపింది, "వాడని" దగ్గర "హార్" తీసేసింది, "రావచ్చో" దగ్గర "యాగ్"ను ముందుకు తెచ్చింది. మూడేళ్ల ఖాళీ గురించి ఒక ఉపవాక్యం కొత్తగా చేర్చింది. మేనేజరు వాక్యం మాత్రం మార్చనంది. "ఆయన అలాగే అన్నారక్కా, గట్టిగా. ముందు 'చేసింది' అని, ఆ తర్వాత 'ఎప్పుడూ లేదు' అని వినబడాలి" అంది. ఆయన అన్నది తెలుగులో కదా అన్నాను. "అయితే?" అంది. ఇంకో కంపెనీకి అలాగే పంపింది.